మహాజన సభలో వడ్డీ, వసూళ్లు, డివిడెండ్ లెక్క చెప్పడం ఎలా?

సహకార సంఘాల్లో కొత్తగా బాధ్యత తీసుకున్న కార్యదర్శులు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. ఆడిట్ పూర్తయింది, పట్టికలు చేతిలో ఉన్నాయి, మరి సభ్యుల ముందు నిలబడి ఏం చెప్పాలి, ఏ వరుసలో చెప్పాలి? చాలామంది లాభనష్టాల ఖాతాను పైనుంచి కిందికి చదివేస్తారు. వడ్డీ ఆదాయం పద్దెనిమిది లక్షలు, వసూళ్లు 78 శాతం, డివిడెండ్ లక్ష అని మూడు ముక్కలు చెప్పి కూర్చుంటారు. వెంటనే వెనుక వరుసలోంచి ఎవరో లేచి, "పద్దెనిమిది లక్షల వడ్డీ వస్తే మాకు దక్కేది లక్షేనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు నివేదికలోనే ఉండాలి. అంటే వడ్డీ నుంచి వసూళ్లకు, వసూళ్ల నుంచి డివిడెండ్‌కు లెక్క ఒకదాని వెంట ఒకటి సాగాలి.

తెలుగు రాష్ట్రాల్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కింది అంకెలు ఒక ఊహాత్మక సంఘానివి. మీ అంకెలు వేరుగా ఉంటాయి కానీ లెక్క వేసే దారి ఇదే.

దగ్గర పెట్టుకోవలసినవి

- మార్చి 31 నాటి ఆడిట్ అయిన లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ
- డీసీబీ పట్టిక, అంటే డిమాండ్, వసూలు, నిల్వ చూపే పట్టిక. సభ్యులవారీగా ఉన్నదే తీసుకోండి, మొత్తాలు మాత్రమే ఉన్నది చాలదు.
- నగదు పుస్తకం, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులో మీ సంఘం ఖాతా పాసుపుస్తకం
- వాటా ధనం రిజిస్టరు
- గత మహాజన సభ మినిట్స్ పుస్తకం
- మీ సంఘం బైలాలు. డివిడెండ్, నిధుల కేటాయింపు ఉన్న పేజీలకు గుర్తు పెట్టుకోండి.

ఆడిట్ కాని అంకెలతో నివేదిక రాయడం మొదలుపెట్టకండి. ఆడిటరు ఒక్క కేటాయింపు పెంచినా లాభం మారుతుంది, దానితో పాటు డివిడెండ్ మారుతుంది. అప్పటికే ఊళ్లో నోటిమాటగా పాకిన శాతాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

1. వడ్డీ ఆదాయాన్ని మూడు కుప్పలుగా విడదీయండి

మన సంఘం లాభనష్టాల ఖాతాలో సభ్యుల అప్పులపై వడ్డీ 18,40,000 రూపాయలు అని ఉందనుకుందాం. ఇది సభ్యుల మీద వేసిన వడ్డీ. అంతా వచ్చిన వడ్డీ కాదు. దీన్ని ఇలా విడదీయాలి.

మొదటి కుప్ప, సభ్యులు నిజంగా కట్టిన వడ్డీ. రసీదులు కూడితే 13,10,000 వచ్చింది.

రెండోది, ప్రభుత్వం నుంచి రావలసిన వడ్డీ రాయితీ. మూడు లక్షల లోపు పంట రుణానికి సభ్యుడిపై పడే వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి 3 శాతం ప్రోత్సాహకం పోగా 4 శాతమే పడుతుంది. ఇలా సభ్యుడి దగ్గర తగ్గించి తీసుకున్న మేరకు సంఘం పైకి క్లెయిము పంపి ఎదురుచూస్తుంది. మన సంఘానికి ఇలా రావలసింది 2,60,000. పుస్తకంలో ఆదాయమే, కానీ పెట్టెలో లేదు.

మూడోది, వాయిదా మీరిన అప్పులపై లెక్క కట్టిన వడ్డీ. అసలే కట్టని సభ్యుడి ఖాతాలో వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అది 2,70,000. ఈ మొత్తాన్ని ఆదాయంగా రాసినా, అంతే మొత్తాన్ని వాయిదా మీరిన వడ్డీ నిల్వకు పక్కన పెట్టాలి. అది వసూలయ్యాకే లాభంలోకి వస్తుంది.

మూడూ కూడితే 18,40,000 రావాలి. రాకపోతే నివేదిక పక్కన పెట్టి తేడా ఎక్కడుందో వెతకండి. సాధారణంగా తేడా రాయితీ దగ్గర దొరుకుతుంది. గత ఏడాది క్లెయిము డబ్బు ఈ ఏడాది చేతికొస్తే కొందరు దాన్ని మళ్లీ ఈ ఏటి ఆదాయంలో కలిపేస్తారు. అది గత ఏడాదే ఆదాయంగా రాసినది. ఇప్పుడు రావలసిన పద్దు తీరిందంతే.

సంఘం తన డబ్బును బ్యాంకులో డిపాజిట్ చేసినందుకు వచ్చే వడ్డీని ఇందులో కలపకండి. అది వేరే వాక్యంగా చెప్పాలి. సభ్యుల అప్పులపై వడ్డీ ఎంత ఆరోగ్యంగా ఉందో తెలియాలంటే దాన్ని ఒంటరిగా చూడాలి.

2. వసూళ్ల శాతాన్ని రెండుసార్లు లెక్కకట్టండి

ముందుగా తేదీ సంగతి. లాభనష్టాలు మార్చి 31 నాటివి. సహకార పరపతిలో వసూళ్ల స్థితిని జూన్ 30 నాటికి చూడటం ఆనవాయితీ. రెండు తేదీల అంకెలు ఒకే వాక్యంలో కలిస్తే సభ్యుడికి లెక్క పొసగదు. ఏ అంకె ఏ తేదీదో పైకి చదివేటప్పుడు కూడా చెప్పండి.

ఇక లెక్క. జూన్ 30 నాటికి మన సంఘం డిమాండ్ రెండు కోట్లు. ఇందులో పాత బకాయి 30 లక్షలు, ఈ ఏడాది గడువు తీరినది కోటీ 70 లక్షలు. వసూలైనట్లు పట్టిక చూపేది కోటీ 56 లక్షలు. శాతం 78. ఇక్కడితో ఆగితే నివేదిక సగమే అయినట్లు.

సభ్యులవారీ పట్టికను నగదు పుస్తకంతో పోల్చండి. ఒకే సభ్యుడి పేరున ఒకే రోజు పాత అప్పు జమ, కొత్త అప్పు ఖర్చు రెండూ కనిపించి, మధ్యలో రొక్కం గానీ బ్యాంకు జమ గానీ లేకపోతే అది పుస్తక సర్దుబాటు. పాత కాగితం మూసి కొత్త కాగితం రాసుకున్నారన్నమాట. పంట అమ్మిన డబ్బు తెచ్చి అప్పు తీర్చి, ఆ తర్వాత మళ్లీ తీసుకున్న సభ్యుడిది నిజమైన వసూలే. ఆయన్ని ఇందులో చేర్చకండి.

మన సంఘంలో ఇలాంటి సర్దుబాట్లు 36 లక్షలు తేలాయి. అవి తీసేస్తే చేతికొచ్చినది కోటీ 20 లక్షలు. రెండు కోట్ల డిమాండ్ మీద 60 శాతం. 78కీ 60కీ మధ్య తేడాను సభ ముందు చెప్పడం కార్యదర్శికి ఇబ్బందిగానే ఉంటుంది. అయినా రెండూ చెప్పాలనే నా గట్టి అభిప్రాయం. డిపాజిటుదారుడు తన డబ్బు తిరిగి అడిగిన రోజున ఇవ్వగలిగేది ఆ 60లోంచే.

ఇక్కడే మొదటి మెట్టుకు ఒక్కసారి వెనక్కి వెళ్లండి. ఆ సర్దుబాట్లలో వడ్డీ కూడా కొత్త అప్పులోకే ఎక్కిందా? ఎక్కి ఉంటే, సభ్యులు కట్టారని మీరు రాసుకున్న 13,10,000లో ఆ మేరకు రొక్కం లేనట్లే. ఒక ఉదాహరణ చూడండి. 50,000 అసలు, 3,500 వడ్డీ ఉన్న ఖాతాను మూసి 53,500కు కొత్త అప్పు రాస్తే, పుస్తకంలో 3,500 వడ్డీ వసూలైనట్లు కనిపిస్తుంది. నిజానికి సభ్యుడు పైసా కట్టలేదు. అలాంటివి ఉంటే జాబితా తీసి ఆడిటరుకు, పాలకవర్గానికి చూపాకే ముందుకు వెళ్లండి, ఎందుకంటే లాభం అంకే మారవచ్చు. మన ఉదాహరణలో సభ్యులందరూ వడ్డీ రొక్కంగా కట్టారు, అసలు మాత్రమే తిరగరాశారు అనుకుందాం.

తర్వాత పాత బకాయిని విడిగా చూడండి. పట్టిక ప్రకారం ఈ ఏటి డిమాండ్‌లో కోటీ 52 లక్షలు వసూలయ్యాయి. పాత 30 లక్షల్లో వచ్చింది 4 లక్షలే, అంటే 13 శాతం. మొత్తం శాతం వెనుక ఈ పాత బకాయి దాక్కుంటుంది. మూడేళ్లుగా కదలని ఖాతాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి.

వసూళ్లలో ఇంకో రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. గడువు రాకముందే కట్టినవారి సొమ్మును వసూలులో చేర్చి, డిమాండ్‌లో చేర్చకపోవడం ఒకటి. దానివల్ల శాతం ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. రెండోది, ఒక ఏడాది అసలు మాత్రమే, మరో ఏడాది అసలుతో పాటు వడ్డీ కలిపి డిమాండ్ చూపడం. గత ఏడాది ఏ పద్ధతిలో చూపారో మినిట్స్‌లో చూసి అదే పాటించండి. పద్ధతి మార్చాలనుకుంటే రెండేళ్ల అంకెలనూ కొత్త పద్ధతిలో వేసి చూపండి.

బకాయిదారుల పేర్లు ప్రసంగంలో చదవాలా అని చాలామంది అడుగుతారు. వద్దంటాను. ఆ ఏడాది పంట పోయినవాడినీ, ఉండి కట్టనివాడినీ ఒకే గొంతుతో చదవడం న్యాయం కాదు. కానీ పాలకవర్గ సభ్యుల పేరున, వారి కుటుంబాల పేరున వాయిదా మీరిన బకాయి మొత్తం ఎంతో చెప్పండి. లేకపోతే లేదని చెప్పండి. సభ ఆ మాట కోసం చూస్తుంటుంది.

3. వడ్డీ నుంచి లాభానికి దారి చూపండి

వెనుక వరుస సభ్యుడి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. కాగితం మీద ఇలా రాసుకోండి.

- సభ్యుల అప్పులపై వడ్డీ: 18,40,000
- వాయిదా మీరిన వడ్డీకి పక్కన పెట్టింది: 2,70,000
- మిగిలిన వడ్డీ: 15,70,000
- ఎరువుల అమ్మకం, గోదాము అద్దె తదితర ఆదాయం: 3,10,000
- జిల్లా బ్యాంకుకు, డిపాజిటుదారులకు సంఘం కట్టిన వడ్డీ: 10,40,000
- జీతాలు, కార్యాలయ ఖర్చులు, మొండి బకాయిల కేటాయింపు: 6,40,000
- నికర లాభం: 2,00,000

సంఘం అప్పు ఇచ్చేది ఎక్కువగా తాను తెచ్చుకున్న డబ్బుతోనే. వచ్చిన వడ్డీలో పెద్ద భాగం ఆ తెచ్చుకున్న చోటికే వెళ్తుంది. ఈ ఒక్క మాట విడమరిచి చెబితే "పద్దెనిమిది లక్షలు ఏమయ్యాయి" అన్న ప్రశ్న రాదు.

ఆ 2,70,000ను పక్కన పెట్టకపోతే లాభం 4,70,000గా కనిపించేది. డివిడెండ్ శాతం పెంచమని పాలకవర్గం మీద ఒత్తిడి వచ్చేది. రాని వడ్డీని పంచిపెట్టిన సంఘం ఆ డబ్బును మరో చోటి నుంచి తేవాలి. ఆ మరో చోటు డిపాజిటుదారుడి ఖాతాయే అవుతుంది.

4. డివిడెండ్ లెక్క, దాని వెనుక డబ్బు ఉందా అన్న పరీక్ష

లాభం మొత్తం పంచేది కాదు. బైలాల ప్రకారం ముందు రిజర్వు నిధికి, ఇతర నిధులకు తీయాలి. మన సంఘం బైలాల్లో రిజర్వుకు పావు వంతు అని ఉందనుకుంటే 50,000, ఇతర నిధులకు 30,000 పోతాయి. మిగిలిన 1,20,000లో 20 లక్షల వాటా ధనంపై 5 శాతం డివిడెండ్‌కు లక్ష సరిపోతుంది. 20,000 వచ్చే ఏడాదికి మిగులుతుంది. 6 శాతం ఇస్తే మిగులు సున్నా అవుతుంది. 5 శాతం దగ్గర ఎందుకు ఆగారో సభలో చెప్పండి.

ఇప్పుడు డబ్బు పరీక్ష. లాభం రెండు లక్షలు. ప్రభుత్వం నుంచి ఇంకా రాని రాయితీ 2,60,000. అంటే ఈ ఏటి లాభం అంతా ఆ రావలసిన పద్దులోనే ఉంది. కాగితం మీద లాభం నిజమే, కానీ డివిడెండ్ చెల్లించే రొక్కం అందులోంచి ఇంకా రాలేదు. ఇలాంటప్పుడు మూడు దారులున్నాయి. మార్చి 31 తర్వాత, సభ నాటికి రాయితీ జమ అయి ఉంటే పాసుపుస్తకంలో ఆ తేదీ చూసి అదే చెప్పండి. జమ కాకపోతే, డివిడెండ్ తీర్మానించి రాయితీ అందాక చెల్లిస్తామని సభ ఆమోదం తీసుకోండి. పాత లాభాల నుంచి మిగిలిన రొక్కం తగినంత ఉంటే వెంటనే ఇవ్వవచ్చు, కానీ అది పాత మిగులు నుంచి అని స్పష్టంగా చెప్పండి. చేయకూడనిది మాత్రం ఒక్కటే, డిపాజిట్ల రొక్కంలోంచి డివిడెండ్ చెల్లించి రాయితీ వచ్చాక సర్దుదామనుకోవడం.

ఒక హెచ్చరిక కూడా. నివేదిక చదివే రోజున ఈ ఏటి డివిడెండ్ ప్రతిపాదన మాత్రమే. మహాజన సభ ఆమోదించాకే అది చెల్లింపు అవుతుంది. "డివిడెండ్ చెల్లించాం" అనదగ్గది గత సభ ఆమోదించి, ఈ ఏడాదిలో పంచిన మొత్తం. రెండింటినీ వేర్వేరు వాక్యాల్లో చెప్పండి. గత ఏడాది ఆమోదించిన దానిలో ఎంత పంచారు, ఎవరూ తీసుకోక ఎంత మిగిలింది అన్నది కూడా చెప్పాలి. చనిపోయిన సభ్యుల వాటాలు, ఊరు విడిచి వెళ్లినవారి వాటాలు ఎక్కువగా ఆ మిగిలినదాంట్లోనే ఉంటాయి. వారసులు సభలోనే కూర్చుని ఉండవచ్చు.

5. నివేదిక రాయండి

రాసిన కాపీలో పూర్తి రూపాయలు ఉంచండి. చదివేటప్పుడు లక్షల్లో చెప్పండి. ఈ భాగానికి ఐదారు నిమిషాలు మించకూడదు. నమూనా ఇలా ఉండవచ్చు:

"సభ్యులందరికీ నమస్కారం. మార్చి 31తో ముగిసిన ఏడాదికి మీ అప్పులపై సంఘం లెక్కకట్టిన వడ్డీ 18 లక్షల 40 వేలు. ఇందులో మీరు కట్టింది 13 లక్షల 10 వేలు. 2 లక్షల 60 వేలు ప్రభుత్వం నుంచి రావలసిన రాయితీ, అది ఈ రోజు వరకు అందలేదు. మిగతా 2 లక్షల 70 వేలు వాయిదా మీరిన అప్పులపై వడ్డీ. అది రానందున లాభంలో కలపలేదు.

జూన్ 30 నాటికి వసూలు కావలసిన అసలు రెండు కోట్లు. పుస్తకాల ప్రకారం వసూలైనది కోటీ 56 లక్షలు, అంటే 78 శాతం. ఇందులో 36 లక్షలు పాత అప్పును కొత్తగా రాసుకున్నవి. రొక్కంగా వచ్చినది కోటీ 20 లక్షలు, 60 శాతం. పాత బకాయి 30 లక్షల్లో 4 లక్షలే వచ్చాయి. పాలకవర్గ సభ్యుల పేరున వాయిదా మీరిన బకాయి లేదు.

మనం బ్యాంకుకు, డిపాజిటుదారులకు కట్టిన వడ్డీ, ఖర్చులు, కేటాయింపులు పోగా నికర లాభం 2 లక్షలు. నిధులకు 80 వేలు తీసి, వాటా ధనంపై 5 శాతం చొప్పున లక్ష రూపాయల డివిడెండ్‌ను పాలకవర్గం సిఫారసు చేస్తోంది. రాయితీ సొమ్ము జమ అయిన నెలలోపు చెల్లించేందుకు సభ ఆమోదం కోరుతున్నాను."

గత ఏడాది చెల్లించిన డివిడెండ్ గురించి రెండు వాక్యాలు దీని వెంట చేర్చండి. "ప్రగతి పథంలో", "అద్భుత వసూళ్లు" లాంటి మాటలు వద్దు. అంకె పక్కన విశేషణం చేరితే సభ్యుడికి అనుమానమే వస్తుంది.

6. సభకు ముందు సరిచూసుకోండి

ఒక సభ్యుడి ఖాతా తీసుకుని డివిడెండ్ చేత్తో లెక్కకట్టండి. ఉదాహరణకు ఆయనకు ఏప్రిల్ 1 నాటికి 8,000 వాటా ఉంది. అక్టోబరు 1న అప్పు తీసుకున్నప్పుడు ఇంకో 4,000 వాటా చేరింది. 5 శాతం చొప్పున మొదటిదానికి 400. రెండోది ఆరు నెలలే ఉంది కాబట్టి 100. మొత్తం 500 రావాలి. పట్టికలో 600 ఉంటే నెలల లెక్క వేయలేదన్నమాట. మీ బైలాల్లో మధ్యలో చేరిన వాటాకు ఏ నియమం ఉందో చూసి పట్టిక మొత్తం సరిచేయండి. అలాంటి సరిచేతల తర్వాత మొత్తం లక్షలోపే ఉండాలి.

వాయిదా మీరిన సభ్యుడి డివిడెండ్‌ను ఆయన బాకీకి జమ చేయవచ్చా అన్నదీ బైలాల్లోనే చూడాలి. చేసేటట్లయితే సభలో ముందే చెప్పండి. తర్వాత కౌంటరు దగ్గర చెబితే గొడవ అవుతుంది.

ఇంకో మూడు పోలికలు చేయండి. వాటా ధనం రిజిస్టరు మొత్తం ఆస్తి అప్పుల పట్టీలోని వాటా ధనంతో సరిపోవాలి. సభ్యులవారీ బాకీల కూడిక పట్టీలోని అప్పుల మొత్తానికి సమానం కావాలి. సంఘం పుస్తకంలో జిల్లా బ్యాంకుకు చూపిన బాకీ, బ్యాంకు ఇచ్చిన నిల్వ పత్రంలోని అంకె ఒకటే కావాలి, లేకపోతే తేడాకు కారణం రాసి ఉండాలి. ఈ మూడోదాన్ని చాలా సంఘాలు వదిలేస్తాయి. ఆడిటరు అభ్యంతరాల్లో తరచూ వచ్చేదీ ఇదే.

చివరగా, లెక్కలతో సంబంధం లేని సభ్యుడొకరికి నివేదిక చదివి వినిపించండి. విన్న తర్వాత ఆయన్ని రెండే అడగండి: ఎంత లాభం, అందులో మనకెంత? తడబడితే మూడో మెట్టులోని దారి ఇంకా స్పష్టంగా రాయాలి.

7. సభలో, సభ తర్వాత

జవాబు తెలియని ప్రశ్న వస్తే రిజిస్టరు తెప్పించి అక్కడే చూడండి. ఒక సభ్యుడి సొంత ఖాతా వివరం అడిగితే మాత్రం సభ అయ్యాక ఆయనకే చూపండి.

మినిట్స్‌లో డివిడెండ్ శాతం, మొత్తం, చెల్లించే షరతు, వ్యతిరేకించినవారి సంఖ్య రాయండి. "సభ ఏకగ్రీవంగా ఆమోదించింది" అని ముందే రాసి తెచ్చుకున్న పేజీని వాడకండి. రాయితీ సొమ్ము జమ అయిన రోజున ఆ తేదీని, మొత్తాన్ని నోటీసు బోర్డు మీద పెట్టి, అదే వారంలో డివిడెండ్‌ను సభ్యుల పొదుపు ఖాతాల్లో జమ చేయడం మొదలుపెట్టండి. ఖాతా లేనివారికి సంతకం తీసుకుని రొక్కంగా ఇవ్వండి. తీసుకోని మొత్తాన్ని పేర్లతో సహా వేరే జాబితాగా ఉంచండి. వచ్చే ఏడాది నివేదికలో గత డివిడెండ్ గురించిన రెండు వాక్యాలు ఈ జాబితా నుంచే వస్తాయి.